వరద ముంపు ఆస్తులకు బీమా: శాఖలకు వెళ్లే మార్గదర్శకాల్లో చూడవలసినవి

నల్గొండ, మహబూబ్‌నగర్ అనగానే కరవు గుర్తుకు రావడం సహజం. బీమా శాఖల్లో ప్రతిపాదనలు పరిశీలించే అధికారులు సైతం ఈ రెండు ఉమ్మడి జిల్లాలను చాలాకాలం ఆ దృష్టితోనే చూశారు. మెట్ట ప్రాంతంలో ముంపు ఏముంటుందన్న భావనతో ప్రపోజల్ ఫారంలోని 'వరద ముప్పు ఉన్నదా?' అన్న ప్రశ్నకు ఎదురుగా 'లేదు' అని రాసి సంతకం చేసేయడం పరిపాటి. అయితే 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని రాజోలి గ్రామాన్ని ముంచెత్తింది. ఇళ్లతోపాటు నేతన్నల మగ్గాలూ నీటి పాలయ్యాయి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వర్షానికి ఉమ్మడి నల్గొండలోని కోదాడ పట్టణం జలమయమైంది. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద సాగర్ ఎడమ కాలువకు గండి పడింది.

ఇటువంటి అనుభవాల దృష్ట్యా సాధారణ బీమా సంస్థలు ముంపు ప్రాంతాల ఆస్తుల విషయంలో తమ శాఖలకు అంతర్గత మార్గదర్శకాలు పంపుతాయి. ఒక ఆస్తికి పూచీ స్వీకరించాలా, ఏ ధరకు, ఏ షరతులపై స్వీకరించాలి అన్నది తేల్చే ఉద్యోగిని అండర్‌రైటర్ అంటారు. ఆ ఉద్యోగికి ఉద్దేశించిన పత్రం కనుక పాలసీదారుల కంట అది పడదు. కానీ అందులోని ప్రశ్నలకు శాఖలో రాసుకున్న జవాబులే రేపు నష్టపరిహారం వచ్చేదీ రానిదీ చాలావరకు నిర్ణయిస్తాయి. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతానికి సంబంధించి ఆ పత్రంలో ఏమి ఉండాలో, ఎందుకు ఉండాలో ఈ కథనంలో పరిశీలిద్దాం.

భూకంపానికి మండలాలు, వరదకు లేవు

2007 జనవరి 1కి పూర్వం అగ్ని బీమా ధరలను టారిఫ్ సలహా సంఘం దేశమంతటికీ ఒకే పుస్తకంలో నిర్దేశించేది. ఆ పుస్తకంలో భూకంప ముప్పును బట్టి దేశాన్ని మండలాలుగా విభజించి ఒక్కో మండలానికి ఒక్కో ధర పెట్టారు. తుపాను, వరద, ముంపులకు మాత్రం అటువంటి విభజన లేదు. అవి ప్రామాణిక అగ్ని పాలసీలోనే కలిసి ఉండేవి. వద్దనుకున్నవారు పాలసీ ఆరంభంలోనే తీసివేయించుకుని ఆ మేరకు ప్రీమియం తగ్గించుకోవచ్చు. అందువల్ల గుట్టమీది గోదాముకూ వాగు ఒడ్డున ఉన్న గోదాముకూ ముంపు రీత్యా ధరలో తేడా ఉండేది కాదు. తేడా లేనప్పుడు తేడా చూడవలసిన అవసరమూ శాఖకు కలగలేదు.

ధరలపై నియంత్రణ తొలగిన తరువాత ప్రతి సంస్థా తన బోర్డు ఆమోదించిన పూచీ స్వీకరణ విధానం ప్రకారం నడుచుకోవలసి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి మరో మార్పు జరిగింది. ఇళ్లకు భారత్ గృహ రక్ష, ఒకే చోట 5 కోట్ల రూపాయల వరకు విలువ గల వ్యాపార ఆస్తులకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 5 కోట్లకు మించి 50 కోట్ల వరకు భారత్ లఘు ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీలు అమలులోకి వచ్చాయి. మూడింటిలోనూ వరద, ముంపు రక్షణ కలిసే ఉంది. కాబట్టి మిల్లు వాగు పక్కన ఉన్నదని శాఖాధికారి తన ఇష్టానుసారం ఆ రక్షణను కొట్టివేయడానికి వీలులేదు. ఆయన చేతిలో మిగిలినవి మూడే: స్థలాన్ని సరిగా తెలుసుకోవడం, దానికి తగిన ధర వేయడం, తన అధికారానికి మించినదైతే పై కార్యాలయానికి పంపడం. కొత్త మార్గదర్శకాల సారమంతా ఈ మూడింటి చుట్టూ తిరుగుతుంది.

ముంపు వచ్చే దారులు మూడు

మొదటి దారి పెద్ద నదులది. కృష్ణ, తుంగభద్ర తీరాల్లోని అలంపూర్, మానవపాడు, రాజోలి ప్రాంతాలు ఈ కోవలోకి వస్తాయి. 2009లో శ్రీశైలం జలాశయం తన పూర్తి మట్టమైన 885 అడుగులను దాటి నిండింది. దిగువన నీరు పోయే వేగం కంటే ఎగువ నుంచి వచ్చే వేగం ఎక్కువైనప్పుడు జలాశయం వెనుక నీరు ఎగదన్నుతుంది. ఆనకట్టకు ఎంతో దూరాన ఉన్న ఊళ్లకు సైతం ముప్పు ఈ విధంగానే చేరుతుంది. ఇటువంటి ముంపు తరచుగా రాదు. వచ్చినప్పుడు మాత్రం లోతుగా ఉంటుంది, రోజుల తరబడి నిలుస్తుంది.

రెండవది చెరువుల దారి. మెట్ట ప్రాంతపు అసలు వరద ఇదే. ఇక్కడి చెరువులు గొలుసుకట్టుగా నిర్మితమయ్యాయి. ఎగువ చెరువు నిండి అలుగు పోస్తే ఆ నీరు వాగు ద్వారా దిగువ చెరువును చేరుతుంది. ఎగువన ఒక కట్ట తెగితే దిగువ చెరువుకు ఒక్కసారిగా రెండు చెరువుల నీరు వచ్చి పడుతుంది. ఏటా అలుగు పారని చోట జనం ఆ దారిని మరచిపోతారు. పదేళ్లు ఎండిన అలుగు వాగులో ప్లాట్లు పడతాయి, షెడ్లు లేస్తాయి. పదకొండో ఏట నీరు తన పాత దారి వెతుక్కుంటుంది. కరవు జిల్లా అన్న పేరే ఇక్కడ అండర్‌రైటర్‌ను తప్పుదారి పట్టిస్తుంది. వాన తక్కువ కావడం వల్ల ముంపు జాగాలు ఖాళీగా, చౌకగా, ఇళ్లకు అనువుగా కనిపిస్తాయి.

మూడవది మనిషి కట్టిన అడ్డుల దారి. ఎత్తుగా వేసిన రహదారి, ఇరుకు తూములు, పూడిన నాలా, కాలువ కట్ట వంటివి ఈ కోవకు చెందుతాయి. రోడ్డును రెండడుగులు ఎత్తు పెంచితే పక్కనున్న పాత దుకాణం ఆ మేరకు పల్లంలో పడుతుంది. దుకాణం కదలలేదు, దాని ముప్పు మాత్రం పెరిగింది. నిరుడు ఇచ్చిన పాలసీని ఈ ఏడు యథాతథంగా పునరుద్ధరించరాదని మార్గదర్శకాలు చెప్పడానికి కారణమిదే.

తనిఖీలో అడగవలసిన ప్రశ్నలు

పిన్‌కోడ్ చూసి ముప్పు తేల్చడం ఈ ప్రాంతంలో కుదరదు. ఒకే వీధిలో ఒక చివర పొడిగా ఉండి మరో చివర నడుము లోతు నీరు నిలిచే ఊళ్లు ఉన్నాయి. అందువల్ల స్థలాన్ని చూసి వచ్చిన ఉద్యోగి అడుగుల్లో జవాబు రాయాలి. 'వరద ముప్పు లేదు' అన్న ఒక్క మాట జవాబు కాదు.

రోడ్డు మట్టానికి పునాది ఎంత ఎత్తున ఉంది? దగ్గరి చెరువు పూర్తిస్థాయి నీటిమట్టం, అనగా ఎఫ్‌టీఎల్ హద్దు ఎంత దూరం? ఆస్తి చెరువు కట్టకు ఎగువన శిఖం వైపు ఉన్నదా, దిగువన అలుగు పారే వైపు ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలూ ముఖ్యమైనవి. ఎగువన ఉంటే చెరువు నిండే కొద్దీ నీరు మెల్లగా పెరుగుతుంది, సరకు తరలించే వ్యవధి దొరుకుతుంది. అలుగు వాగులో ఉంటే నీరు గంటల్లోనే వేగంగా వస్తుంది. కట్టకు నేరుగా దిగువన ఉంటే ఏళ్ల తరబడి ఏమీ కాదు, కట్ట తెగిన నాడు మాత్రం గోడలు కూడా నిలవవు. ముగ్గురి ప్రీమియం ఒకటే కావడం న్యాయం కాదు.

2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్ల మేర నిర్మాణం జరపరాదు. ఈ హద్దు లోపల ఉన్న ఆస్తి అయితే అనుమతి పత్రాన్ని దస్త్రంలో చేర్చాలి. అయితే ఒక విషయం గమనించాలి. నిబంధన దూరాన్ని చెబుతుంది, ఎత్తును చెప్పదు. హద్దుకు 100 మీటర్ల దూరంలో ఉన్నా పల్లంలో ఉంటే మునుగుతుంది. 20 మీటర్లలో రాతిగుట్టపై ఉంటే మునగకపోవచ్చు. కాబట్టి అనుమతి ఉన్నంత మాత్రాన ముప్పు లేదని భావించరాదు.

గత ముంపు ఆనవాళ్లు కాగితాల్లో కంటే గోడల మీద బాగా దొరుకుతాయి. సున్నం వేసిన గోడపై అడ్డంగా సాగిన మట్టి గీత, తలుపు చట్రం కింది భాగం ఉబ్బడం, ఒకే ఎత్తు వరకు తుప్పు పట్టిన షట్టరు, నేల నుంచి పైకి మార్చిన కరెంటు మీటరు, గుమ్మం ముందు కొత్తగా కట్టిన అడుగు ఎత్తు గోడ వంటివి చూసినవాడికి చాలా చెబుతాయి. గుమ్మానికి అడ్డుగోడ కట్టుకున్న యజమాని 'ఇక్కడికి ఎన్నడూ నీళ్లు రాలేదు' అంటే ఆ గోడ ఎందుకు కట్టారని అడగాలి. పక్కింటి వృద్ధులను, చెరువు నీరు చూసే నీరటికాడిని విచారిస్తే ఏ ఏట ఎంతవరకు నీరు వచ్చిందో తెలుస్తుంది. ఆ సమాచారాన్ని సంవత్సరంతో సహా నమోదు చేయాలి. అది యజమానికీ మేలే. ముందుగా చెప్పిన ముంపును తరువాత 'దాచారు' అని సంస్థ ఆక్షేపించలేదు.

ఒక బియ్యం మిల్లు ఉదాహరణ

ఈ జిల్లాల్లో శాఖలకు ఎక్కువగా వచ్చే ప్రతిపాదనల్లో బియ్యం మిల్లులు ఒకటి. మిర్యాలగూడ పరిసరాలు మిల్లులకు ప్రసిద్ధి. మిల్లులో ఉండే ధాన్యమంతా మిల్లరుది కాదు. పౌరసరఫరాల సంస్థ మర ఆడించి బియ్యంగా ఇవ్వమని అప్పగించిన ధాన్యం అందులో పెద్ద భాగం. ప్రామాణిక అగ్ని పాలసీలో, ఇతరుల తరఫున నమ్మకంపై ఉంచుకున్న సరకు షెడ్యూలులో ప్రత్యేకంగా రాస్తే తప్ప రక్షణ పరిధిలోకి రాదు. దీని పర్యవసానం ఏమిటో ఊహాజనితమైన ఒక మిల్లు లెక్కతో తెలుసుకోవచ్చు.

ఒక మిల్లు గోదాములో 5,000 క్వింటాళ్ల ధాన్యం ఉందనుకుందాం. అందులో 1,000 క్వింటాళ్లు మిల్లరు సొంతం, 4,000 క్వింటాళ్లు ప్రభుత్వ ధాన్యం. 2024-25లో ఎ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. ఆ లెక్కన మొత్తం విలువ 1 కోటి 16 లక్షలు. బస్తాలు 15 వరుసల ఎత్తున పేర్చి ఉన్నాయి. రెండడుగుల నీరు వచ్చి కింది మూడు వరుసలు తడిశాయి. అంటే అయిదో వంతు, 1,000 క్వింటాళ్లు. వాటి విలువ 23 లక్షల 20 వేలు. తడిసిన ధాన్యాన్ని ఆరబెట్టి అమ్మితే 7 లక్షల 20 వేలు వచ్చిందనుకుంటే నికర నష్టం 16 లక్షలు.

సరకు బీమా మొత్తం 58 లక్షలుగా, ప్రభుత్వ ధాన్యాన్ని కూడా షెడ్యూలులో చేర్చి పాలసీ ఇచ్చారని అనుకుందాం. ఉన్న విలువలో సగానికే బీమా చేశారు కనుక నష్టంలోనూ సగమే, అనగా 8 లక్షలే లెక్కకు వస్తుంది. తక్కువ బీమా 15 శాతం లోపు ఉంటే సూక్ష్మ, లఘు పాలసీల్లో ఈ కోత ఉండదు. ఇక్కడ తక్కువ 50 శాతం. మిగతా సగం మిల్లరే భరించాలి.

అదే పాలసీలో ప్రభుత్వ ధాన్యం మాట రాయలేదనుకుందాం. అప్పుడు లెక్కకు వచ్చేది మిల్లరు సొంత ధాన్యం మాత్రమే. బీమా మొత్తం దాని విలువకు మించి ఉంది కనుక కోత పడదు. కానీ తడిసినదానిలో సొంత ధాన్యం అయిదో వంతే కాబట్టి పరిహారం 3 లక్షల 20 వేలకు పరిమితమవుతుంది. తడిసిన ప్రభుత్వ ధాన్యంపై 12 లక్షల 80 వేల నష్టానికి బీమా ఉండదు. ఆ ధాన్యానికి మిల్లరు ప్రభుత్వానికి జవాబు చెప్పుకోవలసిందే. రెండు సందర్భాల్లోనూ పాలసీలో రాసిన మినహాయింపు మొత్తం ఇందులోంచి ఇంకా తగ్గుతుంది.

ఇక్కడ శాఖాధికారి చేయవలసింది పెద్దదేమీ కాదు. ధాన్యం ఎవరిది, సీజనులో గరిష్ఠంగా ఎంత నిల్వ ఉంటుంది అని అడిగి షెడ్యూలులో రాయడం మాత్రమే. బ్యాంకు అప్పుకు సరిపడా బీమా చాలునని మిల్లరు అంటే, అప్పు మొత్తానికీ సరకు విలువకూ సంబంధం లేదని పై లెక్క చూపి చెప్పాలి. రెండవది, సరకు పేర్చే ఎత్తు చూడటం. గోదాము నేలను ఒక అడుగు ఎత్తు పెంచితే పై ఉదాహరణలో తడిసేవి మూడు వరుసలకు బదులు ఒకటి, రెండు వరుసలే. ఆ ఖర్చుకు మిల్లరు సిద్ధపడితే ధరలో ఉపశమనం కోరుతూ పై కార్యాలయానికి సిఫారసు చేయవచ్చు. పూర్తయిన పనికి ఫొటోలు జతచేయాలి. చేస్తానన్న మాటకు తగ్గింపు ఇవ్వరాదు.

వాన మొదలయ్యాక వచ్చే ప్రతిపాదన

ప్రాజెక్టు గేట్లు ఎత్తారన్న వార్త రాగానే బీమాకు పరుగులు తీసేవారు ఉంటారు. నష్టం ఖాయమని తెలిసిన తరువాత స్వీకరించేది పూచీ కాదు, ఇతర పాలసీదారుల సొమ్ముతో చేసే దానం. అందువల్ల వాతావరణ శాఖ భారీ వర్షసూచన ఇచ్చిన తరువాత, ఎగువ నుంచి వరద విడుదలైన తరువాత వచ్చే కొత్త ప్రతిపాదనలను శాఖ స్థాయిలో స్వీకరించక పై కార్యాలయానికి పంపాలనడం ఇటువంటి మార్గదర్శకాల్లో ఉండవలసిన నిబంధన. గడువు తీరకముందే ప్రీమియం చెల్లించిన పునరుద్ధరణలకు మాత్రం దీనిని వర్తింపజేయడం సమంజసం కాదు.

ఈ సందర్భంలో 1938 నాటి బీమా చట్టం 64విబి సెక్షను కీలకమైనది. ప్రీమియం సంస్థకు అందనిదే పూచీ ఆరంభం కాదు. చెక్కు రాసి బల్ల సొరుగులో ఉంచినా, ఏజెంటు చేతికి నగదు ఇచ్చినా సంస్థకు చేరినట్లు కాదు. వరద వచ్చిన రోజుల్లో వివాదాలు ఎక్కువగా తలెత్తేది ఇక్కడే. కాబట్టి రసీదుపై తేదీతోపాటు సమయం కూడా ఉండేలా శాఖ జాగ్రత్త వహించాలి. పాత పాలసీ గడువు జులై, ఆగస్టుల్లో ముగిసే ఖాతాదారులకు జూన్‌లోనే గుర్తుచేయడం మంచిది. ఒక్కరోజు విరామం పడినా ఆ రోజునే చెరువు తెగవచ్చు.

ఒకటి తరువాత ఒకటి, అన్నీ ఒకే వాగున

శాఖకు ఒక్కో పాలసీపై స్వీకరణ పరిమితి ఉంటుంది. అంతకు లోబడిన పదిహేను ప్రతిపాదనలను విడివిడిగా ఆమోదిస్తే ఏ ఒక్కటీ నిబంధన దాటినట్లు కనిపించదు. ఆ పదిహేను దుకాణాలూ ఒకే అలుగు వాగు పొడవునా ఉంటే ఒక్క రాత్రి వానకు అన్నింటికీ ఒకేసారి పరిహారం ఇవ్వవలసి వస్తుంది. అగ్నిప్రమాదం ఒక కప్పు కింద ఆగిపోవచ్చు, వరద ఆగదు. కనుక పాలసీల జాబితాను తేదీల వారీగా మాత్రమే కాక వాగు, చెరువు, నది పేరు వారీగా కూడా నిర్వహించి, ఒక్కో నీటి దారిపై మొత్తం బీమా ఎంత పేరుకుందో పై కార్యాలయానికి తెలపాలి. గ్రామం, మండలం పేరుతో మాత్రమే రాసిన జాబితా ఈ పనికి చాలదు. రెండు మండలాల్లోని ఆస్తులు ఒకే వాగుపై ఉండవచ్చు.

తిరస్కరణ పరిష్కారం కాదు

మార్గదర్శకాలు వచ్చిన కొత్తలో జరిగే పొరపాటు ఒకటుంది. చెరువు పక్కన అనగానే కాగితం వెనక్కి ఇచ్చేయడం. శాఖకు అది సులువు. కానీ రాజోలి వంటి నేత గ్రామంలో మగ్గమే జీవనాధారం. పల్లంలో ఉన్నవారికి పూచీ నిరాకరించి గుట్టమీద ఉన్నవారికే ఇస్తే బీమాకు అర్థం లేదు. మగ్గం, నూలు, సిద్ధమైన చీరల విలువను విడివిడిగా రాసి, వాన కాలంలో నూలును అటక మీద ఉంచే ఏర్పాటు చూసి, ఆ ముప్పుకు తగిన ధరతో స్వీకరించవచ్చు. తిరస్కరించవలసి వస్తే కారణాన్ని అడుగుల్లో, మీటర్లలో రాయాలి. పునాది ఎంత ఎత్తుంటే స్వీకరిస్తారో కూడా తెలపాలి.

ఈ తనిఖీకీ ఒక హద్దు ఉంది. గోడపై గీత గతంలో వచ్చిన నీటినే చూపుతుంది, రాబోయే దానిని చూపదు. ఎగువన కొత్త వెంచరు లేచినా, నాలా ఇరుకైనా, కట్ట బలహీనపడినా పాత గీత పనికిరాదు. అందుకే ముంపు దారుల్లోని ఆస్తులను వానాకాలానికి ముందు ఏటా ఒకసారి తిరిగి చూడాలి. పాలసీదారులు సైతం తమ ప్రపోజల్ ఫారం నకలు అడిగి తీసుకుని, ముంపు ప్రశ్నకు ఎదురుగా శాఖలో ఏమి రాశారో చదువుకోవాలి. వాస్తవానికి భిన్నంగా ఉంటే లిఖితపూర్వకంగా సరిచేయించుకోవాలి. నీరు వచ్చిన తరువాత ఆ కాగితాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు.